సో ఎక్కడ, సచ్ ఎక్కడ?

"‘ఇట్ వాజ్ సో గుడ్ మూవీ’, ‘ఐ వాజ్ సచ్ ఎ టైర్డ్’ అని రాశాను. రెండూ తప్పన్నారు. ఎందుకండీ?"

మన ‘చాలా’ రెండు చోట్లా ఇమిడిపోతుంది: చాలా మంచి సినిమా, చాలా అలసిపోయాను. ఇబ్బంది అక్కడే వస్తుందండీ. ఇంగ్లిష్‌లో గుడ్, టైర్డ్ లాంటి విశేషణం తర్వాత నామవాచకం ఉందో లేదో చూడాలి. మూవీ ఉంది కాబట్టి ‘ఇట్ వాజ్ సచ్ ఎ గుడ్ మూవీ’. ఆ మూవీని తీసేసి చూడండి, ‘ఇట్ వాజ్ సో గుడ్’ అవుతుంది. టైర్డ్ తర్వాత ఏమీ లేదు, అందుకే ‘ఐ వాజ్ సో టైర్డ్’. నామవాచకం లేనప్పుడు ‘ఎ’కి కూడా పని లేదు.

‘సచ్ గుడ్ మూవీస్’, ‘సచ్ హాట్ వెదర్’ అన్నప్పుడూ ‘ఎ’ రాదు, ఒకటి బహువచనం, రెండోది లెక్కపెట్టలేనిది. మెనీ, మచ్ ముందు మాత్రం నామవాచకం ఉన్నా సోనే వాడాలి: ‘సో మెనీ పీపుల్’.