లోగో ఒకటే అయినా ఖాతాలు వేర్వేరుగా కనిపిస్తుంటే ఎక్కడ చూడాలి?

ప్రశ్న: "మా చేనేత చీరల దుకాణానికి ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, యూట్యూబ్, లింక్‌డిన్ ఖాతాలున్నాయి. అన్నిచోట్లా అదే లోగో పెట్టాం, అయినా చూసినవాళ్లు వేర్వేరు దుకాణాలేమో అంటున్నారు. ప్రొఫైల్ బొమ్మలు, హైలైట్లు, పోస్టు టెంప్లేట్లు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయో లేదో ఎలా తేల్చుకోవాలి?"

మంగళగిరి చీరలు అమ్మే ఒక దుకాణానికి నేను ఇదే పని చేసిపెడుతున్నాను. ఫైలు ఒకటే అయినంత మాత్రాన తెర మీద కనిపించేది ఒకటే కాదు. అందువల్ల డిజైన్ ఫోల్డరు చూసి నిర్ణయానికి రావద్దు. దుకాణంతో సంబంధం లేని వారి ఫోన్‌లో నాలుగు ఖాతాలూ తెరిపించి, మామూలు తెరలో ఒకసారి, డార్క్ మోడ్‌లో ఒకసారి స్క్రీన్‌షాట్లు తీయించి, అన్నింటినీ ఒకే పేజీలో పక్కపక్కన పేర్చి చూడండి. లోగో నేపథ్యం పారదర్శకంగా ఉందా, ఏ రంగుందా అన్న సంగతి ఈ జంట చిత్రాల్లోనే బయటపడుతుంది.

ప్రొఫైల్ బొమ్మను ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, యూట్యూబ్ గుండ్రంగా కత్తిరిస్తాయి. లింక్‌డిన్ కంపెనీ పేజీ మాత్రం చతురస్రంగానే చూపుతుంది. చతురస్రంలో గీసిన వృత్తం బయట దాదాపు 21 శాతం వైశాల్యం మిగిలిపోతుంది, అది పూర్తిగా నాలుగు మూలల్లోనే పోతుంది. 800 పిక్సెళ్ల బొమ్మలో నడిమధ్య సుమారు 565 పిక్సెళ్ల చతురస్రం లోపల ఉన్నది ఎక్కడా తెగదు. మా దుకాణం లోగోలో పేరు అడుగున అడ్డంగా పరచుకొని ఉండేది; లింక్‌డిన్‌లో పేరంతా కనిపిస్తే, ఇన్‌స్టాగ్రామ్‌లో మొదటి అక్షరం, చివరి అక్షరం సగానికి తెగి కనిపించేవి. ఇంతకన్నా కఠినమైన పరీక్ష వ్యాఖ్యల దగ్గర ఉంటుంది, ఎందుకంటే అక్కడ ప్రొఫైల్ బొమ్మ చిటికెన వేలి గోరంత అవుతుంది, ఆ పరిమాణంలో ఏ తెలుగు పేరూ చదవడానికి రాదు. అందుకే పేరు తీసేసి, చీర అంచులోని గోపురం గుర్తు ఒక్కదాన్నే నిండుగా పెట్టించాను.

రంగును కంటితో కాకుండా కలర్ పికర్‌తో కొలవండి. ఈ వేదికలు బొమ్మను మళ్లీ కుదిస్తాయి గనుక #7B1E2D అన్న కుంకుమ రంగు ఒకచోట #7A1F2E అయినా పట్టించుకోనక్కరలేదు. కానీ అది #8F2A1F అయిందంటే ఇటుక రంగులోకి జారినట్టే. దీనికి సాధారణంగా కారణం ఒకరు ప్రెస్సు వాళ్లిచ్చిన సీఎంవైకే ఫైలును, మరొకరు తెర కోసం చేసిన ఆర్‌జీబీ ఫైలును ఎక్కించడమే.

హైలైట్ల విషయంలో కవర్లకన్నా ముందు పేర్లు చూడండి. వృత్తం కింద చోటు చాలా తక్కువ కాబట్టి పొడవైన పేరు చివర చుక్కలుగా మారిపోతుంది: "పట్టు చీరల కలెక్షన్" బదులు "పట్టు" చాలు. కవరు కోసం విడిగా స్టోరీ వేయవలసిన పని లేదు, హైలైట్‌ను ఎడిట్ చేసేటప్పుడు గ్యాలరీ నుంచే బొమ్మ ఎంచుకోవచ్చు. యూట్యూబ్‌లో హైలైట్లు లేవు కనుక అక్కడ వెతకవలసింది ప్లేలిస్టుల పేర్లను: అదే సరుకును ఒకచోట "పట్టు", మరోచోట "సిల్క్ శారీస్" అని పిలుస్తుంటే కవర్లు ఎంత అందంగా ఉన్నా పొంతన కుదరదు.

ఇక పోస్టు టెంప్లేట్లు. అసలు తేడా ఇక్కడే ఎక్కువ. 2025లో ఇన్‌స్టాగ్రామ్ గ్రిడ్‌ను చతురస్రం నుంచి 3:4 నిలువు ఆకారానికి మార్చింది. దాంతో 1080 × 1080 పాత పోస్టుకు గ్రిడ్‌లో 810 పిక్సెళ్ల వెడల్పే మిగిలి, రెండు పక్కలా 135 పిక్సెళ్ల చొప్పున తెగిపోతుంది. ఎడమ అంచున ధర వేసిన మా పాత పోస్టులన్నీ ధర సగం తెగిపోయి కనిపించాయి. 1080 × 1350 పోస్టులో ఒక్కో పక్క పోయేది 34 పిక్సెళ్లే. పాతవాటిని తీసేయనక్కరలేదు, ఇకమీదట 1080 × 1350లోనే వేస్తూ, అక్షరాలు పక్క అంచుల నుంచి కనీసం వంద పిక్సెళ్లు లోపలికి ఉండేలా టెంప్లేట్‌ను సరిచేస్తే చాలు.

తెలుగు అక్షరాల దగ్గర మరో చిక్కుంది. ఇంగ్లీషు కోసం చేసిన టెంప్లేట్‌లో వరుసల మధ్య దూరం తక్కువ కాబట్టి పై వరుసలోని వత్తులు కింది వరుసలోని గుడులకు తగులుతాయి. దాన్ని తప్పించడానికి ఒకరు అక్షరాలను చిన్నవి చేస్తారు, ఇంకొకరు ఫాంటే మార్చేస్తారు. నెల తిరిగేసరికి శీర్షికలు రామభద్రలో కొన్ని, మండలిలో కొన్ని, తోచినదానిలో కొన్ని ఉంటాయి. "శాస్త్రీయ" వంటి మాటను రెండు వరుసల్లోనూ టైపు చేసి, తగలనంత దూరాన్ని నిర్ణయించి, ఆ దూరాన్నీ ఫాంటు పేరునూ టెంప్లేట్‌లోనే రాసిపెట్టించండి.

యూట్యూబ్ థంబ్‌నెయిల్ అడ్డంగా 16:9లో ఉంటుంది, కాబట్టి నిలువు టెంప్లేట్ యథాతథంగా దానికి సరిపోదు. అక్కడ రంగు, ఫాంటు, గోపురం గుర్తు మాత్రమే కలవాలని అడగండి, అమరిక కలవాలని పట్టుబట్టవద్దు. పైగా కుడివైపు అడుగు మూలన వీడియో నిడివి పడుతుంది. మీ గుర్తును ఆ మూలన పెట్టి ఉంటే దాన్ని ఎడమవైపు పై మూలకు మార్చండి.