సంప్ "పూర్తయింది" అంటే ఎవరి లెక్కలో?

ప్రశ్న: డబ్ల్యూబీఎస్ డిక్షనరీలో, అంటే ప్రాజెక్టుని చిన్న చిన్న పనులుగా విడగొట్టి ఒక్కోదాని వివరాలు రాసుకునే పత్రంలో, ఒక్కో వర్క్ ప్యాకేజీకి ఓనర్, ఎఫర్ట్, డెలివరబుల్, యాక్సెప్టెన్స్ అన్నీ రాయాలా? షెడ్యూల్లో పేరుంటే చాలదా?

చాలదు. నాలుగూ రాసే ఓపిక లేకపోతే యాక్సెప్టెన్స్, అంటే పని పూర్తయిందని ఒప్పుకునే షరతు, అదొక్కటైనా రాయండి. మిగతావి సైట్లో ఎవర్నడిగినా చెప్తారు. ఇది మాత్రం బిల్లు రోజున ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్తారు.

నేను ప్లానింగ్ ఇంజినీరుగా చేరిన ఓ అపార్ట్‌మెంట్ ప్రాజెక్టులో భూగర్భ సంప్ ఎంట్రీ ఇలా ఉండేది: ఓనర్ సివిల్ టీమ్, డెలివరబుల్ సంప్, యాక్సెప్టెన్స్ "పని పూర్తవడం". కాంట్రాక్టర్ వాటర్‌ప్రూఫింగ్ చేయించి, చుట్టూ మట్టి పూడ్పించి బిల్లు పెట్టేశాడు. నీళ్లు నింపితే మట్టం రోజూ దిగుతోంది. "పైపు దగ్గర కారుతోంది, ప్లంబర్‌ని అడగండి" అన్నాడు కాంట్రాక్టర్. "పైపు చుట్టూ కాంక్రీటు పోసింది మీరే కదన్నా" అన్నాడు ప్లంబర్. "ఎండకి ఆవిరవుతున్నాయి సార్" అని సూపర్‌వైజర్. పైన స్లాబున్న సంప్‌లోకి ఎండెక్కడిది! గోడ బయట ఎక్కడ చెమ్మ తేలిందో చూద్దామంటే మట్టి అడ్డం. మళ్లీ తవ్వించాల్సొచ్చింది. ఆ సివిల్ టీమ్ ఎవరయ్యా అంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

తర్వాతి బ్లాక్ సంప్‌కి ఎంట్రీ నేనే రాశాను. ఓనర్‌గా బ్లాక్ ఇంజినీరు పేరొక్కటే పెట్టాను. డెలివరబుల్ అంటే సంప్‌తో పాటు మట్టం రీడింగుల రిజిస్టర్ కూడా. యాక్సెప్టెన్స్ నీటి ట్యాంకుల కాంక్రీటుకున్న భారతీయ ప్రమాణం ఐఎస్ 3370 నుంచి తీసుకున్నాను: నీళ్లు నింపి ఏడు రోజులు వదిలేయాలి, ఈలోగా కాంక్రీటు పీల్చుకునేది పీల్చుకుంటుంది. అప్పుడు మట్టం గుర్తించి, 24 గంటలకోసారి చొప్పున ఏడు రోజులు కొలవాలి. మొత్తం తగ్గుదల 40 మి.మీ. దాటకూడదు. దానికి నేను రెండు ముక్కలు కలిపాను. పరీక్షకి ముందు పైపులన్నిటికీ ప్లగ్గులు బిగించాలి, పరీక్ష పాసయ్యేదాకా మట్టి పూడ్చకూడదు.

ఎఫర్ట్ దగ్గర చాలామంది తడబడతారు. వాటర్‌ప్రూఫింగ్‌కి ఇద్దరు మూడు రోజులు, అంటే ఆరు మ్యాన్‌డేస్. పరీక్షకి రోజూ ఓ పావుగంట, స్కేలు పట్టుకుని చూడ్డమే. కానీ క్యాలెండర్లో పద్నాలుగు రోజులు పోతాయి. ఆ పద్నాలుగుని ఎఫర్ట్‌లో వేస్తే ఖర్చు ఉబ్బుతుంది. షెడ్యూల్లో వేయకపోతే మట్టి పూడ్చే లారీ మూడో రోజే గేటు దగ్గర హారన్ కొడుతుంది.

కన్సల్టెంట్లు ఇచ్చే టెంప్లేట్ల సంగతి చెప్పకండి. రిస్క్ కోడనీ, కాస్ట్ కోడనీ బారెడు కాలమ్స్ ఉంటాయి, సైట్లో ఒక్కడూ తెరిచి చూడడు. అందులో అసలు ఉండాల్సింది ఉండదు, సంప్ నింపే ట్యాంకర్లకి డబ్బులెవరివి? వేసవిలో పరీక్ష పెట్టి, ఆ ఒక్క లైను రాయకపోతే ఖాళీ సంప్ పక్కన నిలబడి ఫోన్లు చేసుకుంటూ కూర్చోవాలి. మీరు రాసేటప్పుడు అదీ రాయండి, కాంట్రాక్టర్ సంతకం పెట్టకముందే.