శనివారం విండోస్ మారుస్తున్నాం, సోమవారం పొద్దున్న ఏం చూస్కోవాలంటే

అందరికీ నమస్తే,

ఈ శనివారం మధ్యాహ్నం 2 గంటల నుంచి ఆఫీసులో సిస్టమ్స్ అన్నీ విండోస్ 10 నుంచి 11కి మారుస్తున్నాను. ఎందుకిప్పుడు అంటే, 10కి మైక్రోసాఫ్ట్ ఫ్రీగా ఇచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి, ఇప్పటికే లేట్ చేశాం. ఇరవయ్యేళ్లుగా ఇదే పని చేస్తున్నా కాబట్టి ముందే చెప్తున్నా, ఏదో ఒకటి ఆగుతుంది. ఏది ఆగిందో మీరు నాకు సరిగ్గా చెప్తే పది నిమిషాల పని, చెప్పకపోతే రెండు రోజులు.

ముందు శుక్రవారం చేయాల్సింది ఒక్కటే. Settings లో System, About లోకి వెళ్లి System type దగ్గర ఏముందో చూడండి. 64-bit అని ఉంటే ఫైల్స్, ప్రోగ్రామ్స్ మామూలుగా అలాగే ఉంటాయి (అయినా ముఖ్యమైనవి ఒక కాపీ తీసి పెట్టుకోండి, నా మాట వినండి). 32-bit operating system అని ఉంటే మాత్రం వెంటనే నాకు చెప్పండి, విండోస్ 11కి 32-బిట్ వెర్షనే లేదు, కాబట్టి ఆ మెషీన్ మొత్తం కొత్తగా వేయాలి, డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నవన్నీ పోతాయి. డెస్క్‌టాప్‌నే బీరువాలా వాడేవాళ్లు ఎవరో నాకు తెలుసు, పేర్లు చెప్పను.

ఇక అసలు భయం తెలుగు టైపింగ్ సెక్షన్ గురించి. మనం ఇంకా అను ఫాంట్లలోనే సర్క్యులర్లు కొడుతున్నాం, అవి యూనికోడ్ కాదు, అంటే ఫైల్లో లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులే, ఫాంట్ వాటికి తెలుగు బొమ్మ తొడుగుతుంది అంతే. అందుకే సోమవారం రెండు రకాల సమస్యలు రావచ్చు, రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ ఒకటి కాదు. పాత ఫైల్ తెరిస్తే పిచ్చి గీతలు, ఇంగ్లిష్ ముక్కలు కనిపిస్తే ఫాంట్ పోయిందన్నమాట. పాత ఫైల్ శుభ్రంగా చదవడానికి వస్తూ, మీరు కొత్తగా కొట్టేది మాత్రమే తప్పుగా వస్తుంటే ఫాంట్ బానే ఉంది, కీబోర్డు సాఫ్ట్‌వేర్ స్టార్ట్ అవ్వలేదు. కాబట్టి నాకు "తెలుగు రావట్లేదు" అని మాత్రం చెప్పకండి, పాతదా కొత్తదా చెప్పండి.

ఇంకో సంగతి, గీతలు కనిపించగానే Ctrl+A కొట్టి గౌతమి ఫాంట్ పెట్టేయకండి. పోయినసారి వేరే ఆఫీసులో ఒకాయన కంగారుపడి అలాగే చేశాడు, గౌతమి యూనికోడ్ ఫాంట్ కదా, గీతలు గీతల్లాగే ఉన్నాయి, పైగా సేవ్ కూడా కొట్టేశాడు. పేజీలో ఎక్కడ అను ఉందో ఎక్కడ మామూలు ఇంగ్లిష్ ఉందో తేడా చెరిగిపోయింది, నలభై పేజీల ఫైల్లో ఒక్కో పేరా చూసి మళ్లీ ఫాంట్ పెట్టుకుంటూ వెళ్లాల్సొచ్చింది. గీతలు కనిపించినంత మాత్రాన మీ ఫైల్ పాడైనట్టు కాదు, సేవ్ చేయకుండా మూసేసి నన్ను పిలిస్తే చాలు.

ప్రింటర్ సంగతి చిన్నదే. పక్క సిస్టమ్‌కి తగిలించి షేర్ చేసుకున్న ప్రింటర్ కనెక్ట్ అవ్వకపోతే స్క్రీన్ మీద 0x0000011b లాంటి నంబర్ వస్తుంది, ఆ నంబర్ అక్షరం పోకుండా కావాలి, ఓకే కొట్టేముందే ఫోన్‌తో ఫోటో తీయండి.

రిపోర్ట్ ఎలా ఉండాలంటే ఇదిగో: "టైపింగ్ సెక్షన్ రెండో సిస్టమ్, పొద్దున్న 10:20, సర్క్యులర్ ఫైల్ తెరిచా, పాతవి బానే ఉన్నాయి, కొత్తగా కొడితే ఇంగ్లిష్ వస్తోంది, పక్క సిస్టమ్‌లో బానే ఉంది, ఒకసారి రీస్టార్ట్ చేశా." ఇంతే, ఇది చదవగానే నేను లేవకముందే సగం అర్థమైపోతుంది. పక్క సిస్టమ్‌లో కూడా వస్తోందా లేదా అన్నది అన్నిటికంటే ముఖ్యం, అందరికీ వస్తే మెషీన్‌ది కాదు నేను చేసినదాంట్లోనే తప్పుందని. ఆఫీసు గ్రూప్‌లో పెట్టండి, కారిడార్‌లో చెప్తే ఛాయ్ అయ్యేలోపు మర్చిపోతా, వయసు అలాంటిది.

ఇంకా ఇది గట్టిగా చెప్తున్నా, పది రోజుల్లోపు చెప్పాలి. 64-బిట్ మెషీన్లలో ఏదైనా మరీ కుదరకపోతే Settings, System, Recovery లో Go back అని నొక్కి పాత విండోస్‌కి వెళ్లిపోవచ్చు, కానీ మామూలుగా పది రోజులే టైమ్, తర్వాత అది పనిచేయదు. మీలో కొందరికి స్పేస్ నిండిందని క్లీనప్ చేసే అలవాటుంది, అందులో Previous Windows installation(s) అని కనిపిస్తే టిక్ పెట్టకండి, అది తీసేస్తే పది రోజులు కూడా ఉండవు. "పర్లేదులే, తర్వాత చెప్దాం" అని పన్నెండో రోజు వచ్చేవాళ్లకి నేను చేయగలిగింది తక్కువ.

శనివారం 1:30కల్లా ఫైల్స్ మూసేసి సైన్ అవుట్ అవ్వండి, సిస్టమ్ మాత్రం ఆన్‌లోనే ఉంచండి. సోమవారం 9:30 నుంచి నేను టైపింగ్ సెక్షన్‌లోనే కూర్చుంటా.