‘భద్రత కోసం’ వేరు, ‘భద్రతకు అవసరమైన మేరకు’ వేరు

సందేహం: బెంగళూరులో ఒక పాలసీ అనలిస్టు గారి దగ్గర పనిచేస్తున్నాను. మన దేశం కుదుర్చుకున్న పెట్టుబడి ఒప్పందాల్లోని రక్షణ, వివాద పరిష్కార అధికరణాలను తెలుగులో కుదించి ఇవ్వమన్నారు. భద్రత మినహాయింపు దగ్గర ఒక ఒప్పందంలో ‘డైరెక్టెడ్ టు’ అని, ఇంకోదాంట్లో ‘టు ద ఎక్స్‌టెంట్ నెససరీ’ అని ఉంది. రెండింటికీ ‘దేశ భద్రత కోసం తీసుకునే చర్యలకు ఈ ఒప్పందం అడ్డు కాదు’ అని రాశాను. సారాంశమే కదా, ఇలా రాస్తే సరిపోతుందాండీ?

సమాధానం: మొదటిదానికి సరిపోతుంది, రెండోదానికి సరిపోదు. ఈ రెండు మాటల తేడా మీదే ఒక పెద్ద వివాదం రెండు రకాలుగా తేలింది. అది మీ ఊరి వివాదమే కాబట్టి దాన్నే తీసుకుని చెబుతాను.

ముందు ‘కోసం’ సంగతి. పాత వ్యాకరణాల్లో ‘కొఱకు, కై’ చతుర్థీ విభక్తి ప్రత్యయాలు. నేడు వాటి పని ఎక్కువగా ‘కోసం’ చేస్తోంది. రాయలసీమలోనూ బెంగళూరు తెలుగు ఇళ్లల్లోనూ ‘కోసరం’ అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, పక్కనే కన్నడంలో ‘గోస్కర’ ఉంది. రూపం ఏదైనా ఇది చెప్పేది చేసేవాడి ఉద్దేశాన్ని మాత్రమే. ‘వాన కోసం యాగం చేశారు’ అంటే వాన పడిందని కాదు, యాగం చేయకపోతే వాన పడేది కాదని అంతకంటే కాదు. వాళ్ల మనసులో వాన ఉంది, అంతే. ‘అవసరమైన మేరకు’ అన్నామంటే ఉద్దేశం ఒక్కటే చాలదు. ఆ పని నిజంగా కావాలి, కావాల్సినంతే చేసి ఉండాలి. ‘మేర’ అంటే హద్దు కదా. హద్దు పెట్టామంటే దాటారా లేదా అని ఎవరో ఒకరు కొలుస్తారు.

ఇప్పుడు వివాదానికి వద్దాం. 2005 జనవరిలో ఇస్రో వాణిజ్య విభాగం యాంట్రిక్స్, బెంగళూరులోనే ఉన్న దేవాస్ మల్టీమీడియా ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఇస్రో ఉపగ్రహాలు రెండింటి మీద ఎస్-బ్యాండ్ అనే రేడియో తరంగాల శ్రేణిలో సామర్థ్యాన్ని దేవాస్‌కు లీజుకివ్వాలి. 2011 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం దాన్ని రద్దు చేయాలని నిర్ణయించింది. ఎస్-బ్యాండ్ జాతీయ అవసరాలకు కావాలంటూ రక్షణ దళాలు, పారామిలిటరీ, రైల్వేలు, ఇతర ప్రజోపయోగ సేవలు, సామాజిక అవసరాలు అన్నిటినీ ఒకే వరసలో చెప్పింది. ఈ వరస గుర్తుపెట్టుకోండి. అందులో భద్రత ఉంది, భద్రత కానిదీ ఉంది.

దేవాస్‌లో డబ్బు పెట్టిన మారిషస్ కంపెనీలు మారిషస్‌తో మనకు అప్పుడున్న ఒప్పందం కింద, జర్మనీ కంపెనీ డాయిష్ టెలికామ్ ఆ దేశంతో అప్పుడున్న ఒప్పందం కింద ఆర్బిట్రేషన్‌కు వెళ్లాయి. ప్రభుత్వ నిర్ణయం ఒక్కటే, దాని వల్ల దెబ్బతిన్న కంపెనీ ఒక్కటే. మారిషస్ ఒప్పందంలో ఉన్నది ‘డైరెక్టెడ్ టు’. కీలక భద్రతా ప్రయోజనాల రక్షణకు ఉద్దేశించిన చర్య అయితే చాలు, అది తప్పనిసరని ప్రభుత్వం రుజువు చేయనక్కర్లేదని 2016లో ఆ ట్రైబ్యునల్‌లో మెజారిటీ సభ్యులు అన్నారు. ఆ తర్వాత నేను చెప్పిన వరసను విడదీశారు. ఆ ఎస్-బ్యాండ్ స్పెక్ట్రమ్‌లో 60 శాతం రక్షణ, పారామిలిటరీ దళాల కోసమని, కాబట్టి దానికి మినహాయింపు వర్తిస్తుందని తేల్చారు. మిగతా 40 శాతానికి వర్తించదన్నారు. ఆ మేరకు ప్రభుత్వానిదే బాధ్యత అయింది.

జర్మనీ ఒప్పందంలో ఉన్నది ‘టు ద ఎక్స్‌టెంట్ నెససరీ’. ఆ ట్రైబ్యునల్ 2017 డిసెంబరులో మినహాయింపును అసలు ఒప్పుకోలేదు. ఆ చర్య భద్రతకు అవసరమైనదని రుజువు కాలేదని, పెట్టుబడిదారుతో న్యాయంగా, సముచితంగా వ్యవహరించాలన్న హామీని భారత్ ఉల్లంఘించిందని చెప్పింది. ట్రైబ్యునళ్లు వేరు, వాటి ముందుకొచ్చిన వాదనలు వేరు కాబట్టి తేడా మొత్తం ఈ మాటల వల్లే వచ్చిందనడం తప్పు. అయినా రెండు తీర్పులూ తమ ఒప్పందంలోని మాట దగ్గరే మొదలై అక్కడి నుంచే నడిచాయి. (ఈ కథ అక్కడితో ఆగలేదు. దేవాస్‌ను మోసం కారణంగా మూసివేయాలన్న ఉత్తర్వును 2022 జనవరిలో మన సుప్రీంకోర్టు ఖాయం చేసింది. మీ నోట్‌లో తీర్పుల ప్రస్తావన వస్తే ఇదీ రాయండి.)

మీరు రాసిన వాక్యం చదివిన అనలిస్టు, జర్మనీ ఒప్పందం కింద కూడా ప్రభుత్వం తన ఉద్దేశం చూపిస్తే చాలనుకుంటారు. ఆ నమ్మకంతో సలహా ఇస్తారు. అందుకే మొదటిదానికి ‘కీలక భద్రతా ప్రయోజనాల రక్షణకు ఉద్దేశించిన చర్యలు’ అనీ, రెండోదానికి ‘కీలక భద్రతా ప్రయోజనాల రక్షణకు అవసరమైన మేరకు విధించే ఆంక్షలు’ అనీ రాయండి. పెరిగేది ఒకటి రెండు మాటలే.

మూడో రకం కూడా మీకు తగులుతుంది. మన ప్రభుత్వం 2015లో తయారుచేసిన నమూనా ఒప్పందంలో, దేశం తన భద్రతకు అవసరమని ‘తాను భావించే’ చర్యలకు మినహాయింపు ఉంది. తెలుగులో ఇక్కడ పనంతా ‘అని’దే. ‘అవసరమైన చర్య’ అంటే అవసరమో కాదో బయటివాళ్లు తేల్చవచ్చు. ‘అవసరమని తాను భావించే చర్య’ అంటే ఆ తేల్చే పని ప్రభుత్వం చేతికే పోతుంది. కుదించే తొందరలో చాలామంది ముందుగా కొట్టేసేది ఈ ‘అని తాను భావించే’ అన్న ముక్కనే. అది పోతే అర్థం తలకిందులవుతుంది.

న్యాయంగా, సముచితంగా అని పైన కావాలనే రాశాను. ‘ఫెయిర్ అండ్ ఈక్విటబుల్’కు ‘న్యాయమైన, సమానమైన’ అని రాసేవాళ్లున్నారు. సమానం అంటే స్వదేశీ పెట్టుబడిదారుతో సమానంగా చూడడం అన్న అర్థం వస్తుంది. అది వేరే హామీ, దానికి వేరే అధికరణం ఉంటుంది. ‘సముచితమైన’ అంటే ఆ గందరగోళం రాదు.

వివాద పరిష్కారం దగ్గర ‘మధ్యవర్తిత్వం’ అని మాత్రం రాయకండి. ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి రాజీ కుదిర్చే పద్ధతికీ పత్రికల్లో అదే మాట వాడుతున్నారు. అక్కడ ఒప్పుకోవడం, మానడం మీ ఇష్టం. ఆర్బిట్రేషన్‌లో వచ్చే తీర్పుకు ఇరుపక్షాలూ కట్టుబడాల్సిందే. ‘ఆర్బిట్రేషన్’ అనే రాయండి, అందరికీ అర్థమవుతుంది.

అక్కడే ఇంకో చిన్న అక్షరం ఉంది, ‘ఏ’. 2015 నమూనా ప్రకారం పెట్టుబడిదారు ముందు మన కోర్టుల్లో, అధికారుల దగ్గర కనీసం ఐదేళ్లు పరిష్కారానికి ప్రయత్నించాలి. అసలు అలాంటి దారే లేని సందర్భాలకు మాత్రం సడలింపు ఉంది. 2024లో యూఏఈతో కుదిరిన ఒప్పందంలో ఆ గడువును మూడేళ్లకు తగ్గించారు. దీన్ని ‘మూడేళ్ల తర్వాత ఆర్బిట్రేషన్‌కు వెళ్లవచ్చు’ అని కుదిస్తే ఊరికే మూడేళ్లు ఆగితే చాలన్నట్టు ఉంటుంది. ‘మూడేళ్లు స్థానికంగా ప్రయత్నించి, పరిష్కారం దొరకకపోతేనే ఆర్బిట్రేషన్‌కు వెళ్లవచ్చు’ అనండి. అందులో ‘ప్రయత్నించి’ ఏం చేయాలో చెబుతుంది, ‘పోతేనే’లోని ఏకారం అది షరతు అని చెబుతుంది. ‘వచ్చు’ను కూడా ‘వెళ్లాలి’గా మార్చకండి, వెళ్లడం మానడం పెట్టుబడిదారు ఇష్టం.