ఇంజెక్షన్ ఆపాక బరువు ఎందుకు తిరిగొస్తుంది?

విజయనగరంలో మా అక్కకి బరువు తగ్గడానికి సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ రాశారు. 95 నుంచి 82 కిలోలకి దిగింది. ఆపేస్తే మళ్లీ పెరుగుతుందా?

చాలామందికి పెరుగుతుందండి. అన్నం తిన్నాక పేగుల్లో పుట్టే జీఎల్‌పీ-1 హార్మోను "ఇక చాలు" అని మెదడుకి చెప్పి నిమిషాల్లో కరిగిపోతుంది. ఈ మందు దాని నకలే, కానీ వారం తర్వాత కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. అందుకే వారానికో సూది. ఆపితే ఐదారు వారాల్లో పోతుంది. అప్పుడు, తగ్గిన బరువుని కరువుగా లెక్కగట్టే మెదడు ఆకలి పెంచుతుంది. ఒక పెద్ద అధ్యయనంలో ఏడాదికల్లా తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. ఆ లెక్కన మీ అక్కకి 8, 9 కిలోలు. అది ఆవిడ తప్పు కాదు, దయచేసి ఆవిణ్ణి నిందించకండి.

సాధారణంగా ఈ మందుని, ఎత్తుతో పోల్చి బరువుని కొలిచే బీఎంఐ 30 దాటినవారికి, లేదా 27 దాటి షుగరో బీపీయో ఉన్నవారికి రాస్తారు. గర్భం కోరుకునేవారు రెండు నెలల ముందే ఆపాలి.