వీపీఎఫ్‌లో పరిమితి దాటిన సొమ్ముపై వడ్డీ: ఏటా పన్ను లెక్క ఎలా?

ప్రశ్న: నా మూల వేతనం నెలకు లక్షన్నర. ఉద్యోగి వాటా పీఎఫ్ 18,000, దానికి తోడు 2024 ఏప్రిల్ నుంచి నా ఇష్టం మీద వేసుకునే అదనపు పీఎఫ్, అంటే వీపీఎఫ్ 12,000 కోయించుకుంటున్నాను. ఏడాదికి 3,60,000 అవుతుంది. రెండున్నర లక్షలు దాటిన 1,10,000 మీద 8.25 శాతం అంటే 9,075 రూపాయలు. దీన్ని ఒకసారి ఆదాయంలో చూపించి పన్ను కట్టేస్తే అయిపోయినట్టేనా? టీడీఎస్ మాత్రం ఏమీ కోయలేదు.

జవాబు: మొదటి ఏడాదికి మీ అంకె చాలా ఎక్కువ. ‘ఒకసారి కట్టేస్తే’ అన్నది మాత్రం సరికాదు, అసలు బరువు తర్వాతి ఏళ్లలో పడుతుంది. నాదీ మీలాంటి కోతే. ఏడాదికి రెండున్నర లక్షలు దాటిన ఉద్యోగి జమపై వచ్చే వడ్డీకి పన్ను అన్న ఈ నిబంధన 2021-22లో వచ్చినప్పటి నుంచి ఏటా రిటర్ను వేసే ముందు ఈ లెక్క నేనే కట్టుకుంటున్నాను.

ముందు రెండున్నర లక్షల్లోకి ఏది వస్తుందో చూద్దాం. మీ జీతం నుంచి కోసిన పీఎఫ్, వీపీఎఫ్ మాత్రమే వస్తాయి. యజమాని వాటా రాదు, దానికి ఏడున్నర లక్షల పరిమితి వేరే ఉంది. 2021 మార్చి 31 నాటికి ఖాతాలో ఉన్న నిల్వనూ, దానిపై ఇప్పుడు వచ్చే వడ్డీనీ ఈ నిబంధన తాకదు. ఆ తర్వాత జమ చేసిన దానిలో పరిమితి దాటిన భాగం సంగతే ఇదంతా. దానికోసం ఆదాయపు పన్ను నిబంధనల్లో 9డి అని ఒకటి చేర్చారు. దాని ప్రకారం మీ పీఎఫ్ ఖాతా లోపల రెండు పద్దులు నడుస్తాయి: ఒకటి పన్ను లేనిది, రెండోది పన్ను పడేది. పరిమితి దాటిన ప్రతి రూపాయీ రెండో పద్దులోకి వెళ్లి అక్కడే ఉండిపోతుంది.

ఇక మొదటి ఏడాది లెక్క. నెలకు 30,000 చొప్పున ఏప్రిల్ నుంచి కూడుకుంటూ వెళ్లండి. నవంబరు జమతో 2,40,000 అవుతుంది. డిసెంబరు జమలో 10,000 పడగానే పరిమితి నిండుతుంది, మిగతా 20,000 రెండో పద్దులోకి పోతుంది. జనవరి, ఫిబ్రవరి, మార్చి జమలు ముప్పై వేల చొప్పున మొత్తంగా అటే. కలిపితే మీరు చెప్పిన 1,10,000 వచ్చింది. అయితే పీఎఫ్ వడ్డీని నెలవారీ నిల్వపై కడతారు, ఒక నెలలో జమ అయిన సొమ్ముకు మరుసటి నెల నుంచే వడ్డీ మొదలవుతుంది. కాబట్టి డిసెంబరు 20,000కు మూడు నెలలు, జనవరి 30,000కు రెండు, ఫిబ్రవరి 30,000కు ఒకటి. మార్చి జమకు ఆ ఏడాది ఏమీ రాదు. సొమ్మును నెలలతో గుణిస్తే వచ్చే 60,000, 60,000, 30,000 కలిపితే 1,50,000. దానికి ఒక నెల వడ్డీ కడితే చాలు:

```
1,50,000 × 8.25% ÷ 12 = 1,031
```

2024-25లో మీకు పన్ను పడే వడ్డీ ఇంతే. టీడీఎస్ కోయకపోవడానికీ కారణం ఇదే: 2024-25లో ఇలాంటి వడ్డీ ఏడాదికి 5,000 రూపాయలు దాటితేనే ఈపీఎఫ్‌ఓ కోత పెట్టేది. దాటితే పాన్ ఉన్నవారికి 10 శాతం, లేనివారికి 20 శాతం. కోయలేదంటే పన్ను లేదని కాదు, ఆ 1,031నీ ఆదాయంలో కలపాల్సిందే.

ఇక్కడ గమనించవలసింది జమ పడిన నెలను, జీతం నెలను కాదు. మార్చి జీతం నుంచి కోసినది మామూలుగా ఏప్రిల్‌లో జమ అవుతుంది కాబట్టి పాస్‌బుక్ ముందు పెట్టుకునే లెక్క కట్టండి. బోనస్ నెలలో వీపీఎఫ్ పెద్ద మొత్తంలో వేసే అలవాటు ఉంటే పరిమితి ముందే నిండుతుంది, పన్ను పడే నెలలూ పెరుగుతాయి.

రెండో ఏడాది కథ మారుతుంది. పద్దులో పాత 1,11,031 ఉంది (1,10,000కు వడ్డీ 1,031 కలిసింది). వడ్డీ రేటు అలాగే ఉందనుకుంటే దానికి పన్నెండు నెలల వడ్డీ 9,160, ఆ ఏడాది పరిమితి దాటిన కొత్త మిగులుపై మళ్లీ 1,031, మొత్తం 10,191. ఏడాది చివర పద్దు 2,31,222 అవుతుంది. మూడో ఏడాది వడ్డీ 20,107, నాలుగో ఏడాది దాదాపు 30,800. టీడీఎస్ పోయాక నిల్వ కాస్త తగ్గుతుంది, ఆ తేడాను ఈ అంకెల్లో వదిలేశాను.

నా పాత సహోద్యోగి ఒకాయన ఇదంతా ఎందుకని వీపీఎఫ్ ఆపేశారు. మరుసటి ఏడాది కూడా పన్ను పడే వడ్డీ కనబడేసరికి పొరపాటేమో అని నాకు ఫోను చేశారు. పొరపాటేమీ లేదు. కొత్త మిగులు చేరడం ఆగింది గానీ, పాత మిగులు పద్దులోనే ఉంది. దానికి వడ్డీ వస్తూనే ఉంటుంది, ఆ వడ్డీ మీద వచ్చే వడ్డీకి కూడా పన్ను పడుతుంది. మీరు మూడేళ్ల తర్వాత ఆపినా 3,61,000 పైచిలుకు పద్దు మిగిలిపోతుంది.

మీరు 30 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో 31.2 శాతం, సర్‌ఛార్జి పడేవారికి ఇంకా ఎక్కువ. మూడో ఏడాది 20,107పై పన్ను సుమారు 6,270. టీడీఎస్‌గా పోయేది 2,010 మాత్రమే, మిగతా 4,260 మీరే కట్టుకోవాలి. ఇలా చూస్తే పరిమితి దాటిన సొమ్ముకు చేతికి అందే వడ్డీ 5.68 శాతం దగ్గర తేలుతుంది. నా దృష్టిలో వీపీఎఫ్‌ను సరిగ్గా రెండున్నర లక్షల దగ్గర ఆపడమే మేలు. మీ విషయంలో ఏడాదికి 2,16,000 పీఎఫ్‌కే పోతోంది కాబట్టి వీపీఎఫ్‌కు 34,000 చోటు ఉంది, అంటే నెలకు 2,800 చిల్లర.

సంస్థ సొంత పీఎఫ్ ట్రస్టు నడుపుతుంటే వాళ్లిచ్చే పట్టీని గుడ్డిగా నమ్మకండి. నేను పనిచేసిన ఒకచోట మిగులు మొత్తానికీ ఏడాది పొడవునా వడ్డీ వేసి ఇచ్చారు, సరిగ్గా మీ 9,075 లాగే. నెలవారీ జమలు చూపించి అడిగితే సవరించారు. మొదటి ఏడాది పన్ను పడే వడ్డీని మిగులుతో భాగించి చూడండి. నెలనెలా సమానంగా కోసేవారికి అది ప్రకటిత రేటుకు దగ్గరగా వస్తే ఎక్కడో తప్పు జరిగినట్టే.

రిటర్నులో దీన్ని ‘ఇతర మార్గాల ఆదాయం’ కింద, షెడ్యూల్ ఓఎస్‌లో పీఎఫ్ వడ్డీకి కేటాయించిన వరుసలో చూపించాలి. ఈపీఎఫ్ ఖాతాకు, యజమాని కూడా వాటా వేస్తున్నవారికి, 1961 చట్టంలోని సెక్షన్ 10(12) మొదటి ప్రొవైజో అన్న వరుస వర్తిస్తుంది. పొదుపు ఖాతా వడ్డీకిచ్చే 80టీటీఏ మినహాయింపు దీనికి రాదు. టీడీఎస్ కోసి ఉంటే దాన్ని మీ పాన్ మీద కోసిన పన్నుల వివరాలుండే 26ఏఎస్‌లో సరిచూసుకోండి.

ఏడాది మధ్యలో ఉద్యోగం మారితే ఇంకో చిక్కు ఉంది. పరిమితి మనిషికి ఒక్కటే, ఖాతాకు ఒకటి కాదు. పాత ట్రస్టులో 1,80,000, కొత్తచోట 1,80,000 జమైతే ఇద్దరికీ మీరు పరిమితి లోపలే కనబడతారు, ఎవరూ టీడీఎస్ కోయరు. ఆ ఏడాది రెండు పట్టీలనూ పక్కపక్కన పెట్టి 1,10,000 మిగులు లెక్క మీరే కట్టాలి.