టెక్ సందేహాలు: పది నిమిషాల్లో సంగటి అని పెట్టినా, జనం నిలబడ్లా

ప్రశ్న: అన్నా, మాది తిరుపతి. '10 నిమిషాల్లో రాగి సంగటి, ఉండలు కట్టదు గ్యారంటీ' అని వీడియో పెట్టినా. క్లిక్ చేస్తా ఉండారు గానీ అర నిమిషంలోనే సగం మంది పోతా ఉండారు. బియ్యం నానబెట్టే టైం చెప్పలేదే అని కామెంట్లు. టైటిల్ ఏం పెట్టాలి?

జవాబు: అక్కా, ముందు గడియారం పెట్టి లెక్క చూడండి. బియ్యం నానడానికి అరగంట, మెత్తగా ఉడకడానికి ఇరవై నిమిషాలు, పిండి కుప్పగా పోసి కలపకుండా మూత పెట్టి సన్నమంట మీద ఇంకో పది, కట్టెతో గెలికేదానికి అయిదు, అన్నీ కలిపితే గంట దాటుతుంది. ఆ పది అనేది మూత పెట్టిన టైం ఒక్కటే, రాత్రి ఎనిమిదికి ఆకలేసి మీ వీడియో తెరిచినోళ్లకి నానబెట్టే సీన్ కనపడగానే మోసపోయినట్టు అనిపిస్తుంది.

ఇప్పుడు యూట్యూబ్ స్టూడియోలో ఆ వీడియో అనలిటిక్స్ తెరిచి ఏ క్షణంలో ఎంతమంది చూస్తున్నారో చూపించే ఆడియన్స్ రిటెన్షన్ గ్రాఫ్ చూడండి. మొదట్లో గీత కిందికి పడడం ఎవరి వీడియోలో అయినా ఉంటుంది, మీరు చూడాల్సింది మధ్యలో ఎక్కడైనా గీత పైకి లేచిందా అని. లేచిన చోటుకి జనం నేరుగా దూకుతున్నారు, లేదంటే వెనక్కి పోయి మళ్లీ చూస్తున్నారు. అది పిండి పోసి గెలికే చోటే అయితే వాళ్లకి కావాల్సింది ఉండలు కట్టకపోవడమే, స్పీడు కాదు. టైటిల్ అక్కడి నుంచే తీయండి:

'రాగి సంగటి ఉండలు కట్టకుండా గెలికే పద్ధతి | మొత్తం గంట'

టైటిల్‌కి 100 అక్షరాల దాకా చోటున్నా ఫోన్‌లో చివర తెగిపోతుంది, అందుకే వంటకం పేరు, అసలు విషయం ముందే రావాలి. 'గ్యారంటీ' మాత్రం తీసేయండి, నీళ్లు తక్కువైతే మీ పద్ధతిలో చేసినా ఉండలు కడతాయి, అది మీకే తెలుసు.

మొదటి మాట కూడా ఆ టైటిల్‌కే జవాబు కావాలి. నమస్తే ఫ్రెండ్స్, వెల్కమ్ బ్యాక్ ఏమీ వద్దు, తడిచేత్తో వేడి సంగటి ముద్దని రెండుగా విరిచి లోపల పొడిపిండి లేదని దగ్గరగా చూపిస్తా ఇలా అనండి: 'పిండి పోసినాక పది నిమిషాలు కలపకూడదు, ఆవిరికి మగ్గనీయాలి, అప్పుడే ఇట్లా వస్తుంది. బియ్యం నానడంతో కలిపి గంట పడుతుంది, మీరిప్పుడే నానబెట్టేయండి.' టైం ముందే చెప్తే కొందరు పోతారు, పోనీండి, వాళ్లకి ఈరోజు గంట లేదు అంతే.

పాత వీడియోకి టైటిల్ ఈరోజే మార్చొచ్చు. స్టూడియో ఎడిటర్‌లో మొదట్లో ఉన్న పలకరింపు కత్తిరించొచ్చు గానీ కొత్త క్లిప్ అతికించడం కుదరదు, ముద్ద విరిచే షాట్ కావాలంటే మళ్లీ అప్‌లోడ్ చేయాల్సిందే. అప్పటిదాకా డిస్క్రిప్షన్ మొదటి లైన్లోనే 'బియ్యం అరగంట ముందు నానబెట్టుకోండి' అని రాసి, అదే కామెంట్‌గా పెట్టి పిన్ చేయండి.